జాకెట్టు ధర పోస్టులో ఎలా పెట్టాలి: ‘నుంచి’ అనకుండా, ‘ఇన్‌బాక్స్‌కు రండి’ అనకుండా

తిరుపతిలో మా ఇంటి ముందుగదిలో కుట్టు మిషన్ పెట్టుకుని, చేసిన జాకెట్లను ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో నేను రెండు తప్పులు చేశాను. ఒకటి తర్వాత ఒకటి.

మొదటిది: ‘బ్లౌజ్ స్టిచింగ్ రూ. 250 నుంచి’ అని పెద్ద అక్షరాలతో పోస్టు పెట్టాను. 250 అన్నది లైనింగ్ లేని కాటన్ జాకెట్టుకు. అలాంటివి నా దగ్గరికి నెలకు రెండో మూడో వస్తాయి. కానీ పోస్టు కింద ఫోటో మాత్రం కంచి పట్టుచీర జాకెట్టుది. ఫోటో అందంగా ఉందని అదే పెట్టాను. దాన్ని చూసి ఒకావిడ కొర్లగుంట నుంచి ఆటోలో వచ్చింది. సంచిలోంచి పట్టు జాకెట్టు ముక్క తీసింది. బోట్ నెక్, ప్రిన్సెస్ కట్, పైపింగ్ కావాలంది. 650 అవుతుందన్నాను. ఆవిడ ఫోన్ తీసి నా పోస్టే నాకు చూపించింది. “ఇక్కడ 250 అని పెట్టి, వచ్చినాక 650 అంటే ఎట్లక్కా?” ఆవిడ కోపంలో తప్పేమీ లేదు. గుడ్డ మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆటో డబ్బులు కూడా దండగ.

దాంతో భయపడి రెండో తప్పు చేశాను. ధరలన్నీ తీసేసి ‘ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి’ అని పెట్టాను. రాత్రి పదకొండు దాకా మెసేజీలే. ‘హాయ్’, ‘ప్రైస్ ప్లీజ్’, ‘ఇదెంతక్కా’. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాలి. చెప్పాక చాలామంది చూసి ఊరుకుంటారు. అడగనివాళ్ల సంగతి అసలు తెలియదు. తర్వాత మా వీధిలోనే ఒకామె అంది: “ధర పెట్టలేదంటే మాకు అందదేమో అనుకున్నా”. ఆమె కుట్టించుకునేది 450 రూపాయల జాకెట్టే.

ఈ రెండింటికీ మధ్య నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. ధరల పట్టిక పెట్టను. ఫోటోలో కనిపిస్తున్న జాకెట్టుకు కస్టమర్ నిజంగా ఎంత ఇచ్చారో ఆ బిల్లు పెడతాను. ఎలా చేయాలో వరుసగా చెబుతాను.

ముందు మీ అడుగు ధర తెలుసుకోండి

పోస్టు సంగతి తర్వాత. ఇంతకంటే తగ్గితే చేతినుంచి పడుతుంది అనే అంకె ఒకటి మీ నోట్‌బుక్‌లో ఉండాలి. ‘పక్క వీధిలో ఎంత తీసుకుంటున్నారు’ అన్నది ఆ అంకె కాదు. వాళ్లకు సొంత షాపుండొచ్చు, ఇంట్లో అత్తగారు హెమ్మింగ్ చేసిపెట్టొచ్చు.

మామూలు లైనింగ్ జాకెట్టుకు నా లెక్క ఇది. కటింగ్‌కు 25 నిమిషాలు. మిషన్ మీద గంటన్నర. ఓవర్‌లాక్, ఇస్త్రీ కలిపి పావుగంట. కస్టమర్‌తో మాటలు, కొలతలు, ఇచ్చేటప్పుడు వేసి చూసుకోవడం కలిపి 20 నిమిషాలు. ఈ చివరి 20 నిమిషాలను మనం ఎప్పుడూ లెక్కలో వేయం. అన్నీ కలిపితే రెండున్నర గంటలు. నా పనికి గంటకు 100 వేసుకుంటే 250. హుక్స్, కాజాలు, హెమ్మింగ్ చేసే అమ్మాయికి 40. లైనింగ్ గుడ్డ 70. దారం, హుక్స్, కాన్వాస్ 20. కరెంటు, మిషన్ రిపేర్ల కింద 20. ఇక్కడికి 400. గది అద్దెలో వాటా 30. ఆల్టరేషన్‌కు తిరిగొచ్చేవి కొన్ని ఉంటాయి కదా, ఆ పనిని అన్ని జాకెట్ల మీదా పంచితే ఒక్కోదానికి 10. మొత్తం 440.

కాబట్టి నా అడుగు ధర 450. మీ గుడ్డ ధర, మీ అమ్మాయి కూలి, మీ చేతి వేగం వేరు, అంకె కూడా వేరే వస్తుంది. కానీ గడియారం పెట్టుకుని కనీసం మూడు జాకెట్లు కుట్టి చూడకుండా ఈ లెక్క వేయొద్దు. నేను ముందు ‘గంటన్నరలో అయిపోతుంది’ అనుకునేదాన్ని. గంటన్నర పట్టేది మిషన్ మీద మాత్రమే.

449 అని పెట్టాలా అని కొందరు అడుగుతారు. రెడీమేడ్ షాపుకు అది నప్పుతుందేమో. ఎదురుగా నిలబడి కొలతలు తీసుకునే మనిషి రూపాయి తగ్గించి రాస్తే చూడ్డానికి బాగోదు, పైగా చిల్లర వెతుక్కోవాలి. 450 అంటే 450.

మూడు జాకెట్లు ఎంచుకోండి

మీరు కుట్టినవాటిలోంచి మూడు తీసుకోండి. ఫోటోలు మీ పనివే అయి ఉండాలి. పింటరెస్ట్ ఫోటో మీద మీ ధర వేస్తే, ఆ ఫోటోలోని ప్రతి పూసకూ మీరు మాటిచ్చినట్టే.

ఒకటి మీ అడుగు ధర జాకెట్టు. నాకైతే 450ది. రెండోది మీ దగ్గర ఎక్కువమంది కుట్టించుకునేది. మా దగ్గర అది బోట్ నెక్, ప్రిన్సెస్ కట్, పైపింగ్, చీర బార్డర్ చేతులకు వేసింది, 650. మూడోది పెళ్లి జాకెట్టు, మగ్గం వర్క్‌తో.

ఈ మూడూ ఒకే పోస్టులో, పక్కకు జరిపి చూసే ఫోటోలుగా పెట్టాలి. విడివిడిగా పెడితే 450 పోస్టు చూసిన పెళ్లివారు ‘వీళ్లు మామూలు కుట్టే కుడతారు’ అనుకుంటారు, 3,300 పోస్టు మాత్రమే చూసిన కాలేజీ అమ్మాయి మళ్లీ మన పేజీ తెరవదు. మొదటి ఫోటోగా మధ్యదాన్ని, 650దాన్ని పెట్టండి. పేజీలో గడుల వరుసలో కనబడేది మొదటి ఫోటోనే. ముందు 450 కనిపిస్తే ఆ తర్వాతవన్నీ ఎక్కువగా తోస్తాయి. 650 కనిపించి, పక్కకు జరిపితే 450 వస్తే ‘ఓ, మనకూ ఉందే’ అనిపిస్తుంది. తర్వాత 3,300 వచ్చినా ఉలిక్కిపడరు. ఆ పోస్టును పేజీ పైభాగంలో పిన్ చేసి పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు పోస్టులదాకా పిన్ చేయొచ్చు, మనకు ఒకటి చాలు.

పెళ్లి జాకెట్టు బిల్లు ఎలా విప్పాలి

450కి పెద్ద కథ అక్కర్లేదు. భయపెట్టేదీ, మనం నష్టపోయేదీ మగ్గం జాకెట్టు దగ్గరే. అందుకని నిజంగా చేసిన ఒకదాన్ని చూపిస్తాను.

తిరుచానూరులో పెళ్లి. కంచిలో కొన్న మెరూన్ పట్టుచీర, ఆకుపచ్చ జాకెట్టు ముక్క. మోచేతుల దాకా చేతులు, మెడ చుట్టూ, చేతుల అంచున వర్క్. నాకైన ఖర్చు: మగ్గం పనిచేసే అబ్బాయికి రెండు రోజుల కూలి 1,600. జరీ, పూసలు, కుందన్లు 380. డిజైన్ గీసి గుడ్డ మీదికి దించి, ఫ్రేముకు బిగించినందుకు 150. కప్పులతో, లైనింగ్‌తో ప్రిన్సెస్ కట్ కుట్టు, నా పనితో కలిపి 750. డోరీ, హ్యాంగింగ్స్ 120. ఇక్కడికి 3,000. దీనిమీద 300 వేసుకున్నాను. ఇది లాభం ఒక్కటే కాదు. కస్టమర్ పట్టుగుడ్డ వారం రోజులు నా బాధ్యతలో ఉంటుంది. గుడ్డ మగ్గం దగ్గరికి తీసుకెళ్లడం, తేవడం నా పనే. సూది లాగి ఎక్కడైనా పట్టు చిరిగితే ఆ ముక్క నేను కొనివ్వాలి. మొత్తం 3,300.

ఇప్పుడు పోస్టులో ఏం రాయాలి? ‘పెళ్లి బ్లౌజ్ 3,300’ అని ఒక్క ముక్క రాస్తే, చదివినవాళ్లు దాన్ని 450తో పోల్చుకుంటారు. ఏడు రెట్లు! అలాగని నా ఖర్చు జాబితా ఉన్నదున్నట్టు పెట్టినా పొరపాటే. కూలి 1,600 అని చూస్తే కస్టమర్ ‘ఆ అబ్బాయి నంబరివ్వక్కా, నేరుగా ఇస్తాం’ అంటుంది. అన్నారు కూడా. అందుకని ఖర్చు ఎవరికి వెళ్లిందో చెప్పకుండా, జాకెట్టు మీద కంటికి కనబడేదాన్ని బట్టి మూడు వరుసలుగా విడగొడతాను:

*చేతి మగ్గం వర్క్ (మెడ, రెండు చేతులు): 2,400*
*కుట్టు (లైనింగ్, కప్పులు, ప్రిన్సెస్ కట్): 780*
*డోరీ, హ్యాంగింగ్స్: 120*
*ఈ జాకెట్టుకు మొత్తం: రూ. 3,300*

‘ఈ జాకెట్టుకు’ అన్న మాటే ఇక్కడ కీలకం. ‘పెళ్లి జాకెట్లకు’ అని రాయకండి. ఒక వస్తువుకు అయిన బిల్లు చూపిస్తే, చూసేవాళ్లు దాన్నిబట్టి తమది ఎంతవుతుందో వాళ్లే లెక్కేసుకుంటారు. “మాకు మెడకు మాత్రం చాలు, చేతులకు వద్దు, ఎంతవుతుంది?” అని అడుగుతారు. అలా అడిగారంటే బేరం వదిలి పని గురించి మాట్లాడుతున్నారన్నమాట.

ఇంకో ఫోటో తప్పకుండా పెట్టండి. మగ్గం వర్క్‌కూ కంప్యూటర్ వర్క్‌కూ ఫోన్ తెరమీద తేడా తెలియదు. వేరే పేజీలో కంప్యూటర్ వర్క్ జాకెట్టును చాలా తక్కువకు చూసినవాళ్లు మీది దోపిడీ అనుకుంటారు. లైనింగ్ వేసే ముందే గుడ్డ తిప్పి వెనకవైపు దగ్గరగా ఫోటో తీయండి. కంప్యూటర్ వర్క్ వెనక కింది దారం, సాధారణంగా తెల్లది, ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది. తరచూ పేపరులాంటి అతుకు కూడా మిగిలి కనిపిస్తుంది. చేతి మగ్గం వెనక చిన్న చిన్న కుట్ల వరుసలు, దారం ముగిసిన ప్రతిచోటా ముడి, అక్కడక్కడా ఒక పూస నుంచి ఇంకో పూసకు దాటిన దారం కనిపిస్తాయి. ఆ ఫోటో మీద ‘ఇది వెనకవైపు’ అని రాస్తే చాలు. 2,400 ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. లైనింగ్ వేశాక ఈ ఫోటో దొరకదు. అందుకే మగ్గం నుంచి గుడ్డ రాగానే తీయడం అలవాటు చేసుకున్నాను.

ఫోటో మీద ఏమిటి, కింద ఏమిటి

ఫోటో మీద అంకె, నెల, మీ పేజీ పేరు. ఈ మూడే. మెడ డిజైన్ మీద పడకుండా కింద మూలన. అంకె పెద్దగా, ‘2025 ఆగస్టు ధర’ లాంటి మాట చిన్నగా.

నెల ఎందుకంటే, మన పోస్టులు మన దగ్గర ఆగవు. స్క్రీన్‌షాట్ తీసి చుట్టాల గ్రూపులో పెడతారు. అక్కడ కింద రాసిన వివరాలేవీ ఉండవు, ఫోటో ఒక్కటే తిరుగుతుంది. ఏడాదిన్నర కిందటి ఫోటోతో ఒకావిడ చిత్తూరు నుంచి ఫోన్ చేసింది, అప్పటి అంకె 2,600. నెల వేయలేదు కాబట్టి ఆమెతో వాదించే హక్కు నాకు లేదనిపించి, ఆ ధరకే చేసిచ్చాను. అప్పటికి పూసల ధరలూ, కూలీ పెరిగిపోయాయి. ఆ జాకెట్టు మీద నా కుట్టు కూలి కూడా మిగల్లేదు. రీల్స్‌కు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. వీడియో మీద వేసిన అంకెను తర్వాత మార్చలేం, కింద రాసిన క్యాప్షన్‌నైతే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. అందుకే రీల్ మీద ధర వేయను. క్యాప్షన్‌లో రాస్తాను. ఫోటో మీద వేస్తాను, నెలతో సహా.

క్యాప్షన్‌లో మొదటి వరుసలోనే ధర రావాలి. ఇన్‌స్టాగ్రామ్ కొంత చూపించి మిగతాది మడిచేస్తుంది. ‘నమస్తే అండీ, శుభోదయం, మా దగ్గర అన్నిరకాల…’ అని మొదలుపెడితే ధర ఆ మడతలోకి పోతుంది. మధ్య జాకెట్టుకు నేను రాసేది ఇలా ఉంటుంది:

*ఈ బోట్ నెక్ జాకెట్టు కుట్టుకు రూ. 650. లైనింగ్, పైపింగ్ మావే. గుడ్డ మీది.*
*ఆది జాకెట్టు ఇస్తే 5 రోజులు. మొదటిసారి కుట్టిస్తున్నవాళ్లు కొలతలకు ఒకసారి రావాలి.*
*15 రోజుల్లోపు ఒక ఆల్టరేషన్ ఉచితం.*
*ధర మారేది: కప్పులు వేస్తే 100 ఎక్కువ, రెండు రోజుల్లో కావాలంటే 150 ఎక్కువ.*
*మామూలు రౌండ్ నెక్, లైనింగ్‌తో అయితే 450 (రెండో ఫోటో).*

‘గుడ్డ మీది’ అని రాయకపోతే 650కి జాకెట్టు ముక్క కూడా వస్తుందనుకునేవాళ్లుంటారు, ముఖ్యంగా వేరే ఊళ్లవాళ్లు. ‘ధర మారేది’ అన్న వరుసలో రెండు మూడు కంటే ఎక్కువ పెట్టకండి. పది షరతులు చూస్తే ఎవరికైనా ‘అక్కడికెళ్తే ఇంకెన్ని కలుపుతారో’ అన్న టెన్షన్ పట్టుకుంటుంది. చిన్నచిన్నవి, అంటే డోరీ ఒకటి ఎక్కువ, హుక్స్ బదులు జిప్, వీటిని మీ ధరలోనే కలిపేసుకోండి.

ఒంటి కొలత పెద్దదైతే ఎక్కువ తీసుకోవాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్నే. లైనింగ్ కొంత ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ దాన్ని పోస్టులో రాస్తే ఆ కొలతవాళ్లు మన గడప తొక్కరు. తొక్కకపోవడమే న్యాయం. అందుకని 70 రూపాయల లైనింగ్ లెక్కలోనే కొంచెం ఎక్కువ గుడ్డ వేసుకున్నాను. చిన్న కొలతలవీ పెద్ద కొలతలవీ కలిసి సరిపోతాయి.

‘నుంచి’ ఎప్పుడు వాడొచ్చు

‘450 నుంచి’ అని రాయాలంటే ఒక షరతు: మీ దగ్గరికొచ్చేవాళ్లలో సగంమందైనా ఆ 450 దగ్గరే కుట్టించుకుంటూ ఉండాలి. లేకపోతే అది అబద్ధం కాకపోయినా అబద్ధంలాగే పనిచేస్తుంది. మగ్గానికైతే ‘నుంచి’ అసలు వాడను. ‘మెడకు కొద్దిగా మాత్రమే అయితే 1,500 దగ్గర, నిండుగా చేతులతో అయితే 5,000 దాకా, ఈ ఫోటోలోది 3,300’ అని రాస్తాను. రెండు చివరలూ చెప్పాలి, మధ్యలో ఒక వస్తువు చూపించాలి. పై అంకె చెప్పడానికి మనకు మొహమాటం. కానీ 5,000 అని ముందే చదివినావిడ 3,800 విని కుదుటపడుతుంది. 1,500 మాత్రమే చదివినావిడకు అదే 3,800 షాకు.

క్యాటరింగ్ చేసే మా మరిది ‘ప్లేటు 160 నుంచి’తో ఇలాగే ఇరుక్కున్నాడు. 160 అన్నది 200 మందికి చేసినప్పటి లెక్క, సీమంతానికి 40 మందికి కావాలని వచ్చారు. వంటమనిషి కూలీ, బండి బాడుగా 40 మందికీ అంతే కదా. ఇప్పుడు ప్లేటు ధర పక్కనే ‘100 మందికి’ అని, ఆకులో వడ్డించేవి ఏవేవో రాస్తున్నాడు.

కామెంట్లలో ధర అడిగితే

పోస్టులోనే ధర ఉన్నా అడుగుతారు. ‘ఇన్‌బాక్స్ చూడండి’ అనొద్దు. అందరికీ కనబడేలా అక్కడే చెప్పండి: ‘ఇది 650 అమ్మా, గుడ్డ మీది’. ఒకరికి చెప్పింది పదిమంది చదువుతారు. గుట్టుగా చెబితే మనిషిని బట్టి ధర చెబుతున్నామన్న అనుమానం వస్తుంది.

ఇక తప్పని కామెంటు: “అంతా! మా వీధిలో 200కే కుడతారక్కా.” మొదట్లో నాకు ఉక్రోషం వచ్చి పెద్ద జవాబు రాసేదాన్ని. ఇప్పుడు ఒకటే వరుస: “కావచ్చమ్మా. ఇందులో లైనింగ్ మాదే, ఆల్టరేషన్ కూడా ఉంది.” అంతటితో ఆగిపోవాలి. ఆ మాట అన్నావిడ కోసం కాదు, చూస్తున్న మిగతావాళ్ల కోసం రాసే జవాబది.

బేరం వాట్సాప్‌లో వస్తుంది. అక్కడ నా పద్ధతి: ధర తగ్గించను, పని తగ్గిస్తాను. ఈ మధ్య జరిగిన సంభాషణ ఇది.

“అక్కా 3,300 మా బడ్జెట్ కాదు, 2,500కి చేయండి.”
“2,500లోనూ బాగా వస్తుందమ్మా. మెడకు ఇదే వర్క్ ఉంచి, చేతులకు వర్క్ బదులు చీర బార్డర్ వేద్దాం. దూరం నుంచి చూస్తే పెద్ద తేడా తెలియదు.”
“మరి హ్యాంగింగ్స్?”
“అవుంటాయి.”

చేతుల వర్క్ తీసేస్తే మగ్గం పని దాదాపు ఒక రోజు తగ్గుతుంది, కూలిలో 800. నాకు నష్టం లేదు, ఆమె అడిగిన అంకెకే వచ్చింది. అదే 3,300 పనినే 2,500కి ఒప్పుకుని ఉంటే, రేపు వాళ్ల చెల్లెలు అదే ధరకు అడుగుతుంది, అంతకుముందు 3,300 ఇచ్చినావిడకు ఆ సంగతి ఏ పెళ్లి భోజనాల దగ్గరో తెలుస్తుంది. ఊరు ఎంత పెరిగినా పెళ్లిపందిళ్లలో కలిసేది వాళ్లే.

పింటరెస్ట్ ఫోటో పంపి ‘ఇదెంత’ అంటే వెంటనే అంకె చెప్పకండి. ఆ ఫోటోలో వర్క్ ఎంత దగ్గరగా ఉందో తెలియదు. మూడు అడగండి: జాకెట్టు గుడ్డ ఫోటో, కావాల్సిన తేదీ, చేతుల పొడవు. అవి వచ్చాక మీ బిల్లుల్లో దానికి దగ్గరగా ఉన్నదాన్ని పంపి, ‘ఇలాంటిది 3,300 అయింది, మీది 300 అటూఇటూ అవుతుంది, గుడ్డ చూశాక ఖాయం చేస్తాను’ అనండి. వాట్సాప్ బిజినెస్‌లో ఈ మూడు ప్రశ్నలను క్విక్ రిప్లైగా దాచుకుంటే `/pelli` అని కొట్టగానే వచ్చేస్తాయి. మగ్గానికి సగం అడ్వాన్స్ అన్న మాట కూడా అందులోనే పెట్టేశాను. ఎదురుగా అడగాలంటే మొహమాటం, మెసేజీకి ఉండదు.

ఆఫర్లు

శ్రావణంలో ఆఫర్ పెట్టేవాళ్లను చూస్తే నాకు అర్థం కాదు. వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు కలిసి అప్పుడు చేతులు ఖాళీ ఉండవు. పెట్టాలనుకుంటే ఆషాఢంలోనో, మూఢంలోనో పెట్టండి. అప్పుడైనా 650 కొట్టేసి 550 అని రాయొద్దు. కొట్టేసిన అంకె ఎవరికీ గుర్తుండదు, 550 గుర్తుంటుంది. ‘ఈ నెల 650 జాకెట్టుతో చీరకు ఫాల్, జిగ్‌జాగ్ ఉచితం’ అనండి. నెల అయ్యాక ఫాల్ ఆగిపోతుంది, 650 అలాగే ఉంటుంది.

ధర సరిగ్గా ఉందో లేదో

ఒక నెలపాటు నోట్‌బుక్‌లో మూడు గీతలు గీయండి. ధర చూసి అడిగినవాళ్లు, ఇంటికి వచ్చినవాళ్లు, గుడ్డ ఇచ్చినవాళ్లు. బిల్లు పెట్టడం మొదలుపెట్టాక మొదటి గీత తగ్గుతుంది. గాభరాపడొద్దు. ఊరికే అడిగేవాళ్లు తగ్గారంతే. చూడాల్సింది రెండో గీతకూ మూడో గీతకూ మధ్య తేడా. వచ్చి కూడా గుడ్డ ఇవ్వకుండా వెళ్తుంటే పోస్టుకూ మీరు నోటితో చెప్పేదానికీ ఎక్కడో పొసగడం లేదు, ఏదో అదనం దాగి ఉంది. వచ్చినవాళ్లంతా ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇచ్చేసి, మీరు రాత్రి పన్నెండు దాకా కుడుతుంటే ధర తక్కువన్నమాట. అప్పుడు మధ్య జాకెట్టు ఒక్కదానికే 50 పెంచి చూడండి. సీజన్ మధ్యలో మాత్రం పెంచొద్దు, వారం తేడాతో ఇచ్చిన అక్కాచెల్లెళ్లకు రెండు ధరలు పడతాయి.

అడుగు ధరకు ఎవరూ రాకపోతే అది వేరే సంగతి. మీ చుట్టుపక్కల ఆ పనికి అంత ఇచ్చేవాళ్లు లేరేమో. అప్పుడు ధర తగ్గించకుండా ఆ ఫోటోనే తీసేయండి. లైనింగ్ లేని 250 జాకెట్టును నేను అలాగే పోస్టుల్లోంచి తీసేశాను. అడిగి వచ్చినవాళ్లకు కుడతాను, కానీ ఫోటో పెట్టను.

పోస్టు పెట్టే ముందు పాతవాళ్లకు

నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇది. మన పాత కస్టమర్లలో చాలామంది ఇంకా పాత ధరే ఇస్తుంటారు. పక్కింటి పిన్నికి 300, టీచరమ్మకు 350. వాళ్లు కూడా మన స్టేటస్ చూస్తారు. 450 అని చూడగానే ‘మనకు కూడా పెంచేస్తుందేమో’ అని కొందరు, ‘ఇన్నాళ్లూ తక్కువిచ్చామా’ అని మొహమాటపడి కొందరు రావడం మానేస్తారు. మా టీచరమ్మ రెండు నెలలు కనబడలేదు. చివరికి బస్టాండులో కలిసినప్పుడు, “నువ్వు రేటు పెంచావు కదమ్మా, అడగలేక…” అంది.

అందుకని ఇప్పుడు ధర మార్చేముందు, పోస్టుకు వారం ముందే, పాతవాళ్లకు విడివిడిగా ఒక మెసేజీ పెడతాను. గ్రూపులో కాదు. ‘పిన్నీ, వచ్చే నెల నుంచి లైనింగ్ జాకెట్టు 450 చేస్తున్నాను. మీకు దసరా దాకా 380కే కుడతాను. ఆది జాకెట్టు నా దగ్గరే ఉంది, గుడ్డ పంపితే చాలు.’ గడువు తప్పకుండా ఉండాలి, లేకపోతే 380 అలాగే ఉండిపోతుంది. 380 నా అడుగు ధర కంటే తక్కువే, తెలిసే వేసుకుంటున్న నష్టం. దసరా తర్వాత పిన్ని 450 ఇచ్చింది. ఇస్తూ, “ఫాల్ కూడా వేసిపెట్టు మరి” అంది. వేసిపెట్టాను.